తడి రోడ్డు మీద అంగడి పేరు

బంగారు గనులు మూతబడ్డాక మా ఊళ్లో మిగిలిన ఉద్యోగాలు రెండేనని మా అన్న అనేవాడు. ఒకటి, పొద్దున్నే బెంగళూరు రైలెక్కడం. రెండోది, రాత్రికి ఆ రైలు దిగడం. తను రెండూ చేస్తున్నానని, అందుకే రెట్టింపు అలసటని మా వదిన దగ్గర గోముగా చెప్పుకొనేవాడు. మా వదిన ఏమీ కరిగేది కాదు. "అన్నం చల్లారిపోతా ఉండాది, కథలు తరువాత చెప్పు" అనేది.

అన్న బెంగళూరులో అంగళ్లకు వెలిగే బోర్డులు చేసే చోట పని చేసేవాడు. నియాన్ బోర్డులంటే పాతకాలంలో గాజు గొట్టాలు కాల్చి వంచేవారు. అన్న పనిలో చేరేనాటికి ఆ గాజు పోయి, మెత్తటి గొట్టంలో చిన్న చిన్న దీపాలు వరసగా కూర్చిన తీగ వచ్చేసింది. దాన్ని అక్షరంలా వంచి అతికించి కరెంటు ఇస్తే అచ్చం నియానే. ఊరిగాంలో గనివాళ్లకిచ్చిన మా క్వార్టర్సు వరండాలో, నాయన వాడిన పాత బెంచీ మీద అన్న సెలవు రోజుల్లో ఇలాంటివి చేస్తూ కూర్చునేవాడు. క్రిస్మస్‌కు చర్చి గుమ్మానికి ఒకటి చేసిస్తే పాస్టరుగారు ప్రార్థనలో కూడా దాని సంగతి ఎత్తారు.

అప్పుడే బెంగళూరు యజమాని పనిచోటు ఊరికి ఇంకా అవతలి వైపుకు మార్చాడు. ఇక రైల్లో వచ్చిపోవడం కుదరదు, సంసారంతో అక్కడికే వచ్చెయ్, ఈ నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్పమన్నాడు. అన్నకు వెళ్లడం ఇష్టం లేదు. మా అమ్మకు అసలే ఇష్టం లేదు. కూతురు నిద్ర లేవకముందే వెళ్లి, పడుకున్నాక వచ్చే మనిషి అన్న. అందుకే ఆ పిల్ల ఒక ఆదివారం అన్నను చూపించి "ఈ అంకుల్ ఎవరు?" అని అడిగింది. మేమందరం పడీ పడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు కానీ, ఆ పూట సరిగ్గా భోంచెయ్యలేదు.

ఇంటి దగ్గరే ఉండాలంటే మా ఊరి రాబర్ట్‌సన్‌పేట బజారు వీధి అంగళ్ల బోర్డుల పని అన్నకు దొరకాలి. ఒకటీ అరా దొరికితే లాభం లేదు, వీధంతా దొరకాలి. వీధంతా అంటే ముందు సెట్టిగారు ఊ అనాలి. బజారులో అన్నిటికంటే పెద్ద బట్టలంగడి ఆయనది. ఆయన ఊ అంటే కిరాణా, నగలు, ధాన్యం, అన్నీ ఊ అంటాయి. ఆయన ఊహూఁ అంటే అందరికీ ఒక్కసారిగా పాత బోర్డులే ముద్దొస్తాయి.

అన్న తీసుకెళ్లిన బోర్డుల బొమ్మల పుస్తకాన్ని సెట్టిగారు అటూ ఇటూ తిప్పి చూశారట.

"ఇదేదో పరదేశమప్పా. మన బజారు ఎట్ల ఉంటాదో చూపించు, అప్పుడు మాట్లాడుదాం."

అలా ఆ పని నా మెడకు చుట్టుకుంది. నేను అదే బజారులో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పెళ్లి ఆల్బమ్‌లలో పెళ్లికొడుకు మొటిమలు తీసేయడం, అలిగిన అత్తగారి పెదవులను కాస్త పైకి వంచడం, ముళబాగిలు కల్యాణమంటపం వెనకాల మంచుకొండలు నిలబెట్టడం నా వృత్తి. వీధికి నియాన్ పెట్టడం ఎంతసేపు అనుకున్నాను. నాకు పొగరు కాస్త ఎక్కువే, ఇప్పటికీ తగ్గలేదు.

ఒక సాయంత్రం చీకటి పడగానే బజారు మధ్యలో స్టాండు వేసి, కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టి ఫొటో తీశాను. ఆటోవాళ్లు హారన్లతో తిట్టారు, నేను నోటితో తిట్టాను, ఫొటో వచ్చింది. స్టూడియోలో ఒక్కో అంగడికీ అక్షరాలు గీశాను. వెలిగే గొట్టం మధ్యలో దాదాపు తెల్లగా ఉంటుంది, రంగంతా చుట్టూ కమ్ముకునే వెలుగులోనే ఉంటుంది. ఆ సంగతి అన్న చెబితే అలాగే చేశాను. అయినా ఏదో తేడా. అక్షరాలన్నీ ఫొటో మీద అంటించిన బొట్టుబిళ్లల్లా ఉన్నాయి.

అన్న వచ్చి చూసి తల గోక్కున్నాడు. "వెలుగు యాడా పడలేదే పాపా. దీపం పెడితే గోడకు తెలియాల, గుమ్మానికి తెలియాల, రోడ్డుకు తెలియాల. వీటి పక్కన దీపం ఉండాదని ఎవురికీ తెలిసినట్టే లేదు."

నిజమే. పక్క గోడలకు, గుమ్మాలకు, తాళ్లకు వేలాడే చీరల అంచులకు ఆ రంగు పలుచగా పూశాను. బోర్డులు గోడకు అతుక్కున్నాయి. రోడ్డు మాత్రం ఎండిపోయి, బూడిద రంగులో చప్పగా పడుంది. వానపడ్డ రోడ్డయితే ఎంత బాగుండేది! మా ఊళ్లో వాన కావాలంటే ప్రార్థన చెయ్యాలి. నాకు అంత ఓపిక లేదు, కంప్యూటర్‌లోనే కురిపించాను.

రోడ్డును నల్లబరిచాను. తడిసిన తారు ముందు నల్లబడుతుంది, తర్వాతే మెరుస్తుంది. అంగళ్ల వరసనంతా ఇంకో కాపీ తీసి, తలకిందులు చేసి, గోడ నేలను తాకే గీత దగ్గర అతికించాను. కుడి ఎడమలు మార్చలేదు, పైకిందులే మార్చాను. నేల మీది నీళ్లు చేసేది అదే కదా. బోర్డు గోడ మీద ఎంత ఎత్తున ఉందో, నీళ్లలో దాని నీడ ఆ గీతకు అంత కిందకు దిగింది. వెలుగు తగ్గించి, తారు గరుకును దాని మీద కొద్దిగా కనిపించనిచ్చి, అక్షరాలను మాత్రం ముద్దుగా, స్పష్టంగా ఉంచాను. అంత కష్టపడి గీసిన అక్షరాలు, ఎందుకు చెరుపుకోవాలి? స్టూడియో యజమాని చూసి "ఇది మన బజారేనా?" అన్నాడు. నాకు ఒళ్లంతా పొంగిపోయింది.

పెద్ద సైజు ప్రింటు చుట్టుకుని అన్నా నేనూ సెట్టిగారి అంగడికి పోయాం. చుట్టుపక్కల అంగళ్లవాళ్లు అప్పటికే చేరారు. చీరలు పరిచే తెల్లటి పరుపు మీద ఫొటో పరిచాం.  ఒక్కొక్కరూ ఒంగి తమ అంగడిని మాత్రమే చూసుకోవడం మొదలుపెట్టారు.

"మా ఎదురింటాయనది మాకంటే ఎర్రగా ఉండాదే?" అన్నాడు కిరాణా ఆయన.

"నీది పచ్చ కదప్పా, పచ్చ ఎర్రగా ఎట్ల ఉంటాది?" అన్నాడు నగలంగడి ఆయన.

నేను అన్న వైపు చూసి కన్ను కొట్టాను. పని అయిపోయినట్టే. అన్న మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది.

సెట్టిగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఫొటో కింది సగం మీద వేలు పెట్టారు.

"ఇదేమిమ్మా?"

"మీ అంగడి పేరే సెట్టిగారూ. తడి రోడ్డులో నీడ."

"మా ఇంటిదేవుని పేరు ఇది. మా తాత పెట్టింది. తలకిందులు చేసి రోడ్డు మీద పడేసినావే! జనం చెప్పులేసుకొని తొక్కుతారు గదా. ఆవులు పోతాయి. ఆవులు పోతే ఊరికే పోతాయా?"

అంగట్లో గాలి మారిపోయింది. అందరూ మళ్లీ ఒంగి చూశారు. బజారులో సగం అంగళ్లు దేవుళ్ల పేర్లవే. ఇంతసేపూ రంగు చూసినవాళ్లు ఇప్పుడు రోడ్డు మీద ఉన్న తమ తమ దేవుళ్లను చూశారు.

"ఇది వట్టి ఫొటోనే సెట్టిగారూ, తీసేస్తాను" అని మా అన్న అంటూనే ఉన్నాడు. నాకు మాత్రం నోరు ఆగలేదు.

"ఫొటోలో తీసేస్తాను సరే, నిజంగా వాన వస్తే ఏం చేస్తారు? వానకు చెప్పి ఆపిస్తారా?"

దాంతో అయిపోయింది. "ఓహో, నిజంగా కూడా ఇట్లనే పడతాదా! అయితే మాకు వద్దే వద్దప్పా ఈ నియాను" అని సెట్టిగారు ఫొటోను జాగ్రత్తగా చుట్టి అన్న చేతిలో పెట్టారు.  బయటికి వచ్చాక అన్న నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. దారిలో రైల్వే గేటు దగ్గర మాత్రం, "బెంగళూరులో ఇల్లు చూడమని చెప్పల్ల ఇంగ" అన్నాడు. 

ఆ బాధ నాకు మర్నాటికి కోపంగా మారింది. నా బాధలన్నీ అలాగే మారతాయి. సెట్టిగారి పేరు వద్దన్నారు కదా, సరే తీసేస్తా అని, వీధంతా అలాగే ఉంచి ఆయన అంగడి ముందున్న నీడ ఒక్కటే చెరిపేశాను. ప్రింటు తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లి ఆయన ముందు పెట్టాను.

"మీరు చెప్పినట్టే చేసినాను, చూడండి."

ఆయన చూశారు. అటుపక్క కిరాణా ముందు రోడ్డు పచ్చగా వెలుగుతోంది. ఇటుపక్క నగలంగడి ముందు బంగారు రంగులో వెలుగుతోంది. మధ్యలో ఆయన అంగడి ముందు మాత్రం నల్లటి చీకటి మచ్చ.

సెట్టిగారి మొహం పాలిపోయింది. "ఏమ్మా, మా వాకిట్లో దీపం పెట్టనట్టు ఉండాదే. లక్ష్మి వచ్చే వేళకు చీకటా?"

"పేరు వద్దంటిరి గదా."

"పేరు వద్దంటిని. వెలుగు వద్దంటినా?" అన్నారాయన. పెద్దాయన గొంతు నిజంగానే వణికింది. నాకు కోపమంతా ఎటో పోయింది. ఆయన నన్ను ఏడిపించడం లేదు. ఆయన పట్టుకున్నది ఆయనకు ప్రాణం. "వెలుగు పడల్ల, పేరు పడకూడదు. అట్ల అయితాదా చూడు తల్లీ."

అట్లా ఎలా అవుతుంది? వెలుగంటేనే పేరు, పేరంటేనే వెలుగు. తల వంచుకుని గుమ్మం దిగాను. అప్పుడే పనివాడు దీపం వేళ అయిందని అంగడి ముందు బిందెతో నీళ్లు చల్లాడు. ఆ బజారులో ప్రతి సాయంత్రం ప్రతి అంగడి ముందూ చల్లుతారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం కాలు ఆగింది.

ఎదురంగడి ట్యూబులైటు బోర్డు ఆ తడి తారులో పడింది. అందులో బోర్డు లేదు! అక్షరాలు లేవు, అంచులు లేవు. పై నుంచి కిందకు సాగిన పొడుగాటి తెల్లటి చార, అంతే. నేను ఎటు జరిగితే అది అటే నా వైపు తిరిగి సాగుతోంది. తారులో ఉండే చిన్న చిన్న రాళ్లు ఒక్కోటి ఒక్కో వైపు వాలి ఉంటాయి, ఒక్కోటి వెలుగును ఒక్కో చోట నుంచి తెచ్చి చూపిస్తుంది. అన్నీ కలిసి చారగా సాగిపోతాయి. నిలవ నీళ్లలో అయితేనే అక్షరాలు అక్షరాలుగా నిలుస్తాయి. నేను తారు రోడ్డు మీద అద్దం పరిచేశాను!

"ఇంకో బిందె పొయ్యప్పా!" అని అరిచాను. అతను భయపడి పోశాడు. సెట్టిగారు ఏమైందోనని బయటికి వచ్చారు.

"చూడండి సెట్టిగారూ, ఎదురంగడి పేరు చదవండి."

ఆయన ఒంగి, కళ్లద్దాలు పైకి కిందకు చేసి, చాలాసేపు చూశారు. "పేరు యాడుందమ్మా? ఉత్త వెలుగే."

"ఆ ఉత్త వెలుగే నిజం. నేను చేసిన ఫొటోనే తప్పు."

పరుగున స్టూడియోకు పోయి, నీడల అక్షరాలన్నిటినీ నిలువునా సాగదీశాను. ఎంత ప్రేమగా గీశానో అంత నిర్దయగా. అవి కరిగి రంగుల చారలయ్యాయి, చారల మధ్య తారు గరుకు నల్లగా తొంగిచూసింది. ఆశ్చర్యం ఏమిటంటే, చెడగొట్టిన కొద్దీ ఫొటో నిజమవుతూ వచ్చింది. మొదటి ఫొటో బాగుందనుకున్నాను కానీ, ఇది చూస్తే తడి వాసన కూడా వచ్చినట్టు అనిపించింది.

ఈసారి సెట్టిగారు చాలాసేపు చూసి, ఒక షరతు పెట్టారు. ముందు తన అంగడికి ఒక్కదానికే బోర్డు. మొదటి వాన పడేదాకా చూస్తారు. వానలో పేరు రోడ్డు మీద పడకపోతే వీధంతా ఒప్పించే పూచీ ఆయనది. పడితే బోర్డు విప్పెయ్యాలి. అన్న సరేనన్నాడు. వేరే దారి ఏముంది?

సెట్టిగారు మనిషి గట్టివాడు. నిలవ నీళ్లలో పేరు నిలుస్తుందని నేను నోరుజారి చెప్పానేమో, ఆయనకు వెంటనే అంగడి ముందున్న గుంత గుర్తొచ్చింది. మునిసిపాలిటీవాళ్లు ఏనాడో ఏదో తవ్వి వదిలేసిన గుంత అది, మంచంలో సగం ఉంటుంది. "వాళ్లు పూడ్చేదాకా కూచుంటే దేవుడు నీళ్లల్లోనే ఉంటాడు" అని మేస్త్రీని పిలిపించి, తనే కాంక్రీటు వేయించారు. ఆ సాయంత్రం అన్నా నేనూ అటువైపు పోలేదు. పోయినా ఏం గమనించేవాళ్లమో తెలియదు.

బోర్డు వెలిగింది. ఎర్రటి ఎరుపు, చుట్టూ పసుపు గీత. గౌనిపల్లి వైపు నుంచి పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు దాని కింద నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. కిరాణా ఆయన రోజుకోసారి అన్నకు ఫోన్ చేసి "నాది ఇంగ కొంచెం పెద్దదైతే ఎట్ల?" అని అడిగేవాడు. అయితే వాన మాత్రం లేదు. నెలాఖరు దగ్గర పడింది. బోర్డు పనికని అన్న సెలవు పెట్టి ఇంటి దగ్గరే ఉంటే, బెంగళూరు యజమాని ఫోన్ చేశాడు. అన్న మరుసటి రోజు పొద్దున రైలుకు వచ్చి ఏ సంగతీ చెబుతానన్నాడు. మా వదిన గిన్నెలు ఏవి తీసుకెళ్లాలో, ఏవి వదిలిపెట్టాలో వేరు చేయడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే మేఘం దిగింది. ముందు మట్టి వాసన, తర్వాత గాలి, తర్వాత దబదబా వాన. నేను స్టూడియో నుంచి, అన్న ఇంటి నుంచి ఒకేసారి బజారుకు పరిగెత్తుకొచ్చాం. వాన ఒక జోరు కురిసి తుంపరకు తగ్గింది. అంగళ్లవాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చారు. రోడ్డంతా ఎర్రటి చారలు, నా మూడో ఫొటోలో ఉన్నట్టే. పేరు లేదు, ఉత్త వెలుగే. నేను అన్న చెయ్యి పట్టుకుని గిచ్చాను.

అన్న కదల్లేదు. "పాపా, అట్ల చూడు" అన్నాడు.

గుంత పూడ్చిన చోట మేస్త్రీ తన పనితనమంతా చూపించాడు. సెట్టిగారి పని కదా అని, తాపీతో రుద్ది రుద్ది పూజగది గచ్చులా నున్నగా చేశాడు. అంచులు కొంచెం ఎత్తుగా ఉండి, దాని మీద నీళ్లు పలుచగా పరుచుకుని నిలిచాయి. వీధంతటిలోకీ అక్కడ ఒక్కచోటే సెట్టిగారి దేవుడి పేరు, తలకిందులుగా, ఎర్రగా, ఒక్క గుడి, ఒక్క కొమ్ము పోకుండా చదువుకొనేలా నిలిచి ఉంది.

చూరు నుంచి నీళ్లు కారే చప్పుడొక్కటే.  ఎంత అన్యాయం అనిపించింది. గుంత పూడ్చకుండా ఉంటే దేవుడు గుంతలో కనబడేవాడు, పూడిస్తే గచ్చు మీద కనబడ్డాడు. అన్న జేబులో నుంచి స్క్రూడ్రైవరు తీశాడు. బోర్డు విప్పడానికే తీశాడని నాకు తెలుసు.

సెట్టిగారు గొడుగు లేకుండానే మెట్లు దిగారు. రోడ్డు మధ్యదాకా నడిచి వెనక్కి తిరిగి, ఆ గచ్చు మీది పేరును చూశారు. తర్వాత పైకి, గోడ మీది బోర్డును చూశారు. మళ్లీ కిందకు చూశారు. నెమ్మదిగా ఒక చెప్పు విడిచారు. రెండోది కూడా విడిచారు. రెండూ చేత్తో తీసి, గట్టు పక్కన పెట్టి వచ్చారు. సైకిలు మీద ఎవరో వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "పక్కన పోప్పా, స్వామి ఉండాడు" అన్నారు. సైకిలాయన ఏమీ అడక్కుండా దిగి, చుట్టూ తిరిగి నడిపించుకుపోయాడు.

"రేపు పొద్దున నీకు రైలుందా అప్పా?" అని ఆయన మా అన్నను అడిగారు.

"ఉండాది సెట్టిగారూ."

"పోవద్దు. కిరాణా వాళ్లది, నగలవాళ్లది కొలత తీసుకో. ఇంగ అందరివీ తీసుకో." ఆయన ముఖం తుడుచుకున్నారు, వాననీళ్లో ఏమో నాకు తెలియదు. "మా తాత కాలం నుంచి పైకి చూసి దణ్ణం పెడతా ఉండాము. ఈ పొద్దు ఆయనే దిగి వాకిట్లోకి వచ్చినాడు. వచ్చినోణ్ని పొమ్మంటామా?"

మాది చర్చికి పోయే ఇల్లు. మా అన్న ఆ దేవుడి పేరు నోటితో పలికినవాడు కాదు, తీగ వంచి రాసినవాడు. అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, వంగి తన చెప్పులూ విప్పి, ఆ తుంపరలో వెళ్లి సెట్టిగారి పక్కన నిలబడ్డాడు.